మేక కన్నా ముందు మేనేజర్

మా ఉపేందర్ ఎంత మర్యాదస్తుడో చెప్పాలంటే మేక సంగతి చెప్పాలి. నెల్లికుదురు దగ్గర తండాలో పుట్టి, మరిపెడలో మా మక్కల, అంటే మొక్కజొన్నల, గోదాం ఆఫీసులో కాంట్రాక్టు మీద చేరాడు. నేను లెక్కలు చూస్తాను, అతను జనగామ పెద్దాఫీసుకు మెయిళ్లు రాస్తాడు. రాసేటప్పుడు ఒకటే పట్టుదల: మేనేజర్ పేరు ఎవరి వెనకా రాకూడదు.

ఈ నెలతో కాంట్రాక్టు అయిపోతోంది. పొడిగించాలంటే మేనేజర్ సోమనర్సయ్య సంతకం పెట్టాలి. సరిగ్గా అప్పుడే ఓ మేక గోదాంలో దూరింది. సోమనర్సయ్య చెప్పులు వదిలేసి వెంటపడి పట్టుకున్నాడు. బస్తాలు చిరిగాయి కాబట్టి పైకి చెప్పక తప్పదు. ఉపేందర్ రాసి పంపేశాడు:

"మక్కలు నములుతూ మేనేజర్ గారు మేకను పట్టుకున్నారు."

కాసేపటికి పెద్దాఫీసు నుంచి డేవిడ్ సార్ ఫోన్.

"సోమనర్సయ్యా, గోదాంల మక్కలు తినుడేంది? ఇంట్ల అన్నం పెడ్తలేరా?"

సోమనర్సయ్య మొహం మాడిపోయింది. నాకేమో మెయిల్ చూశాక నవ్వు ఆగలేదు.

"తమ్మీ, నమిలింది మేకనే గదా. 'మక్కలు నములుతున్న మేకను మేనేజర్ గారు పట్టుకున్నారు' అని రాయాలె" అన్నాను.

"మేకను ముందు వెట్టి సారును వెనక వెడ్తమా అక్కా?" అన్నాడు ఉపేందర్. ఇలాంటి మనిషితో ఎలా వేగాలి?

సోమనర్సయ్య నోటికొచ్చినట్టు తిట్టాడు. "సంతకం సంగతి తర్వాత జూస్త. ముందుగాల తప్పు ఒప్పుకుంట మెయిల్ పెట్టు" అన్నాడు. పంపేముందు నాకు చూపించమన్నాను. వింటేనా? పంపాకే చూపించాడు.

"మెయిల్‌లో తప్పు రాసి మేనేజర్ గారు నన్ను మందలించారు. క్షమించగలరు."

నేను తల పట్టుకున్నాను. అంతలోనే జవాబు వచ్చింది: "సోమనర్సయ్య గారూ, తప్పు మీరు రాసి అతన్ని మందలించడమేమిటి? వెంటనే అతని కాంట్రాక్టు పొడిగించండి."

"సప్పుడు జేయకు తమ్మీ, నీ నౌకరి నిలవడ్డది" అన్నాను. అతని స్థానంలో నేనుంటే నిజంగానే నోరు మెదిపేదాన్ని కాదు. ఉపేందర్ మాత్రం లేచి, డేవిడ్ సార్‌కు ఫోన్ కలిపాడు. నిలబడే మాట్లాడాడు.

"సార్, నేను ఉపేందర్‌ను. మక్కలు తిన్నది మేక. మేకను పట్టింది మా సారు. తప్పు రాసింది నేను. మా సారును ఏమనకుండ్రి."

ఇంత చక్కగా చెప్పగలిగినవాడు రాయడానికి కూర్చుంటే ఏమవుతుందో నాకు తెలియదు. అవతల డేవిడ్ సార్ నవ్వు మా బల్లల దాకా వినిపించింది. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి.

సోమనర్సయ్య గుమ్మంలోనే నిలబడి అంతా విన్నాడు. వచ్చి, కాంట్రాక్టు కాగితం అడిగి తీసుకొని సంతకం పెట్టాడు. దాన్ని ఉపేందర్ చేతికిస్తూ అన్నాడు.

"ఇగ జనగామకు మెయిల్ రాయకు బిడ్డా. ఫోన్ జెయ్యి."