అక్క గోడకు పట్టిన ఉప్పు

మా బావ మేస్త్రి. మాటకు పిసినారి, పనికి రాక్షసుడు. ఎవరింటి గోడకు చెమ్మ పట్టినా ముందు ఆయనకే కబురు. వెళ్లి గోడ దగ్గర గొంతుక్కూర్చుని, తెల్లగా పూసిన ఉప్పును వేలితో రాసి చూసి, అప్పుడు నోరు విప్పేవాడు.

"ఇది పైనుంచి కారింది కాదమ్మా. నేలలో తడి ఇటుకల్లోంచి దీపపు వత్తిలో నూనె ఎక్కినట్టు ఎక్కుతోంది. గాలి తగిలి తడి ఆరిపోతుంది, దాంతో వచ్చిన ఉప్పు మిగిలిపోతుంది. అదే పెరిగి ప్లాస్టరింగును పెచ్చులుగా తోసేస్తుంది."

పైన గట్టిగా సిమెంటు కొట్టెయ్యమన్నవాళ్లకు మాత్రం చీవాట్లే. "దారి మూస్తే తడి ఆగుతుందా? ఇంకాస్త పైకెక్కి అక్కడ బయటపడుతుంది."

ఇంత తెలిసిన మనిషి సొంత ఇంట్లో ఏం చేశాడో వినండి.

మా అక్కకు జబ్బు చేసి ముందు కాళ్లు పడిపోయాయి, తర్వాత మాట పడిపోయింది. ఆమెను చక్రాల కుర్చీలో ఎండకు తీసుకెళ్లడానికి గడప అడ్డమని, బావ ఆమె గది గోడ పొడుగునా పెరట్లో మట్టి పోసి గడప ఎత్తుకు చదును చేశాడు. పునాది మీద, గోడ మొదలయ్యేచోట, తడి పైకి రాకుండా ఒక పట్టీ వేస్తారు. ఇల్లు కట్టినప్పుడు దాన్ని వేసింది బావే. ఆ మట్టి కింద దాన్ని పూడ్చేసిందీ బావే. పట్టీకి పైన మట్టి ఆనుకుంటే ఇక అది ఉన్నా లేనట్టే. ఆ సంగతి ఆయనకు తట్టలేదంటే నేను నమ్మను. అక్కకు ఎండ కావాలి, అంతే.

అదే గోడకు లోపలివైపు, మంచం పక్కన, అక్క పెన్సిలుతో రాసేది. 'నీళ్లు', 'కిటికీ', 'దుప్పటి', 'ఉప్పెక్కువ'. బావకు చదువు రాదు. మొదటిసారి నేను చదివి చెబితే, ఆ తర్వాత అక్క ఏ మాటమీద వేలు పెడితే ఆ పని చేసేవాడు. ఏ మాట ఎక్కడుందో ఆయనకు కంఠతా వచ్చేసింది. అన్నిటికీ పైన మాత్రం ఒక పొడుగాటి వరస ఉంది. చివరి వారంలో, నేను ఊళ్లో లేనప్పుడు రాసింది. దానిమీద అక్క ఎప్పుడూ వేలు పెట్టలేదట. అక్క పోయాక బావ ఆ గదిలోకి ఎవర్నీ రానివ్వలేదు, నన్ను కూడా.

అక్క పోయిన రెండో ఏడు గోడ అడుగున మరకలు మొదలయ్యాయి. మందు ఏమిటో ఆయనకు తెలుసు. బయట మట్టిని పట్టీ కిందిదాకా తవ్వి తీసెయ్యాలి. ఉప్పు పట్టిన ప్లాస్టరింగును మరక కంటే అడుగు పైదాకా చెక్కెయ్యాలి. అది ఉంటే గాల్లో తడిని లాక్కుంటూనే ఉంటుంది. కానీ చెక్కితే అక్క రాత పోతుంది. అందుకని ఊరందరినీ తిట్టిన పనే తను చేశాడు. రాతకు కిందుగా జానెడు మేర గట్టి సిమెంటు కొట్టాడు, మట్టి జోలికి వెళ్లలేదు. ఏడాది తిరక్కుండానే చెమ్మ ఆ సిమెంటు వెనకనుంచి పైకెక్కి రాతను పట్టుకుంది.

నాకు కబురు చేశాడు. వెళ్లేసరికి ఉలి, సుత్తి కింద పెట్టుకుని గోడకు ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"మరదలా, ఇవాళ చెక్కేస్తాను. ముందు ఆ పై వరస చదువు."

నాకు ఒళ్లు మండింది. "రెండేళ్లు నోట్లో ఏం పెట్టుకున్నావు బావా? ఎన్నిసార్లు వచ్చాను నేను?"

"తిట్టేమోనని. ఆఖర్న నన్ను తిట్టిందేమోనని భయం."

దగ్గరికెళ్లి చూశాను. వరస మొదట్లో 'నువ్వు' అని ఉంది. ఆ తర్వాతదంతా తెల్లటి ఉప్పు. కళ్లు నులుముకుని చూశాను, పక్కనుంచి చూశాను. ఊపిరి తగిలి ఒక పెచ్చు నా చేతిలోకే రాలి పొడైపోయింది. అబద్ధం చెప్పాలనే అనుకున్నాను. ఏదో మంచి మాట చెప్పేద్దామనుకున్నాను. కానీ అక్క మాట కల్పించడానికి నాకు నోరు రాలేదు.

"'నువ్వు' అని ఉంది బావా. మిగతాది ఉప్పు తినేసింది."

ఆయన తను కొట్టిన సిమెంటును వేలితో రాసి చూశాడు.

"సిమెంటు కొట్టకపోతే అంత ఎత్తు ఎక్కేది కాదు" అన్నాడు, ఎవరింటి గోడ గురించో చెప్పినట్టు.

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఏడవలేదు. నన్ను పక్కకు జరగమని, 'నీళ్లు' దగ్గర మొదలుపెట్టి చెక్కుతూ పోయాడు. ఇటుకలు బయటపడ్డాక ఉప్పును పొడి బ్రష్షుతోనే దులిపాడు, కడిగితే మళ్లీ లోపలికి పోతుందని. మర్నాడు పెరట్లో మట్టంతా తవ్వేశాడు. పట్టీ ఎక్కడా చెడలేదు, వేసినప్పటిలాగే ఉంది.

గోడ పూర్తిగా ఆరడానికి నెలలు పట్టింది. ఆ తర్వాత గాలాడే సున్నపు పూత వేశాడు. ఇప్పుడు ఆ గదిలో చెమ్మ లేదు. నేను వెళ్లినప్పుడల్లా బావ అడుగుతాడు, ఆ రోజు 'నువ్వు' తర్వాత ఇంకో అక్షరమైనా కనబడలేదా అని.