సింధూర కళ్ళకు సెలవులు

చిన్నబాబు ఇంట్లో బస్సు బోర్డులు చదివే పని సింధూరది. జగ్గయ్యపేట బస్టాండులో నిలబడితే, బస్సు ఇంకా రోడ్డు మలుపులో ఉండగానే "అది మనది కాదు నాన్నా, కోదాడ బండి" అని తేల్చేసేది. చిన్నబాబు ఎత్తబోయిన సంచి మళ్ళీ కింద పెట్టేవాడు. పక్కనున్న వాళ్ళు కూడా "అమ్మాయ్, ఆ వెనకాలది ఎక్కడికి?" అని అడిగేవాళ్ళు. అడిగించుకోవడం దానికి మహా ఇష్టం. ఆ కళ్ళు చూసుకుని కాస్త గర్వం కూడా ఉండేదనుకోండి, ఉన్నమాట చెప్పుకోవాలిగా.

వాళ్ళ మొక్కజొన్న చేను చివర నిలబడితే సిమెంటు ఫ్యాక్టరీకి పోయే గూడ్సుబండి కనపడుతుంది. సింధూర డిప్లొమా చదివే రోజుల్లో ఒకసారి ఆ ఇంజనులోంచి ఒకావిడ తల బయటపెట్టి ముందుకు చూస్తూ వెళ్ళింది. అంతే, ఇంటికొచ్చి "నేను రైలింజను నడుపుతా" అంది. తల్లి రత్తమ్మ పప్పు తాలింపు వేస్తూ "ముందు స్కూటీ సరిగ్గా నడుపు" అంది. అయినా ఎవరూ అడ్డు చెప్పలేదు. అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి చదువుకుంటానంటే చిన్నబాబే నందిగామ తీసుకెళ్ళి హాస్టల్లో దించాడు.

ఆ ఉద్యోగానికి ఒక షరతుంది. కళ్ళజోడు కుదరదు. ఉత్త కళ్ళతో దూరపు చార్టులో చిన్న అక్షరాల వరస చదివి తీరాలి. ఆపరేషన్ చేయించుకుని జోడు తీసేసినా ఒప్పుకోరు. ఈ షరతు చదివి సింధూర నవ్వుకుంది. ఎవరికి చెబుతున్నారు, బస్టాండులో సగం మందికి కళ్ళు అరువిచ్చే మనిషికి!

నందిగామలో ఒక రీడింగ్ రూము ఉంది. ఉద్యోగాలకు చదివే పిల్లలు పొద్దున్నే వెళ్ళి కుర్చీ పట్టుకుంటే రాత్రి తాళం వేసేదాకా లేవరు. అక్కడ అందరిదీ ఒకటే పద్ధతి. మెటీరియల్ జిరాక్సు తీయించేటప్పుడు ఒక కాగితం మీదే నాలుగు పేజీలు కుదించి తీయిస్తారు. కట్ట సన్నగా ఉంటుంది, సంచీలో పడుతుంది. అక్షరం మాత్రం ఆవగింజంత. సింధూర ఆ కాగితాలను ముక్కు దగ్గర పెట్టుకుని నెలల తరబడి చదివింది. విశ్రాంతి అంటే ఫోన్లో మాక్ టెస్టు రాయడం. సాయంత్రానికి కనుబొమల మీద నొప్పి వచ్చేది. జండూబామ్ రాసుకుని మళ్ళీ కూర్చునేది.

చివరి పరీక్ష బాగానే రాసింది. మర్నాడు హాస్టలు ఖాళీచేసి నందిగామ బస్టాండుకొచ్చి తలెత్తి చూస్తే, వచ్చే బస్సు నుదుటి మీద బోర్డు లేదు. తెల్లటి మచ్చ ఉంది. కళ్ళు నులుముకుంది, చికిలించింది. మచ్చ మచ్చగానే ఉంది. పక్కనున్న పెద్దాయన్ని అడిగితే సరిపోయేది. కానీ పుట్టి బుద్ధెరిగాక బస్సు పేరు ఎవర్నీ అడిగిన మనిషి కాదే! నోరు రాలేదు. రంగు చూసి మనదేలే అనుకుని ఎక్కేసింది.

"ఆధార్ కార్డు చూపించమ్మా. ఎక్కడిదాకా?" అన్నాడు కండక్టరు.

"జగ్గయ్యపేటండీ."

"ఇది బెజవాడ బండి తల్లీ! బోర్డు చూసుకోలా?"

బస్సంతా తిరిగి చూసింది. కీసరలో దించేశారు. టోల్‌గేటు పక్కన లారీల రొదలో నిలబడి సింధూర ఏడ్చింది. బస్సు తప్పినందుకు కాదు, కంటిచూపు పోయిందేమోనని, దాంతోపాటు ఇంజనూ పోయిందేమోనని.

జగ్గయ్యపేటలో కృష్ణయ్యగారి కళ్ళజోళ్ళ షాపు పాతది. చిన్నబాబుకు కావలసిన మనిషి. ఆయన కంప్యూటరు మిషను ముందు కూర్చోబెట్టి "మైనస్ వచ్చిందమ్మా" అన్నాడు. అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, అది బాగుందా?" అంటూ పోయాడు. సింధూరకు ప్రతి కొత్త అద్దమూ ఇంకా బాగున్నట్టే అనిపించింది. జోడు పెట్టుకుని వీధిలోకి చూస్తే ఎదురుగా మందుల షాపు పేరు స్పష్టంగా కనపడింది. దాంతో ఇంకా ఏడుపొచ్చింది.

"కళ్ళజోడు పెట్టుకుంటే కొంపలేం మునగవే," అన్నాడు చిన్నబాబు.

"ఇంజను ఎక్కనివ్వరు నాన్నా!"

అప్పటికి గానీ ఆయనకు సంగతి బోధపడలేదు.

ఇంతలో ఫలితాలొచ్చాయి. పిల్ల పాసైంది. నెల పైచిలుకు గడువిచ్చి విజయవాడలో మెడికల్ పరీక్షకు రమ్మన్నారు. చేతిలోకొచ్చిన ముద్ద నోటిదాకా వస్తుందో లేదో తెలియదు. అప్పుడేం చేసిందో వింటే మీరు నెత్తి కొట్టుకుంటారు. కంటి పరీక్షకు చదవడం మొదలుపెట్టింది! ఏ పరీక్షైనా చదివే గట్టెక్కింది కదా, ఇదీ అంతే అనుకుంది. దూరపు చార్టు ఫోన్లోకి దించుకుని అడుగు వరసలన్నీ కంఠతా పట్టింది. రంగులు పోల్చే పరీక్షకని రంగుచుక్కల్లో అంకెలుండే బొమ్మలు గంటలకొద్దీ చూసింది. అదంతా కొత్త జోడు పెట్టుకుని, ఫోను చెయ్యి చాపినంత దూరంలో కూడా కాదు, ముఖం మీద పెట్టుకుని.

పొద్దున లేవగానే దూరంగా ఉన్న వాటర్ ట్యాంకు కాస్త తేటగా కనపడేది. మధ్యాహ్నానికి మసక. సాయంత్రానికి తలనొప్పి. జోడు కూడా చాలడం లేదనిపించి మళ్ళీ కృష్ణయ్యగారి దగ్గరికెళ్ళింది. ఆయన మిషను చూసి గడ్డం గోక్కున్నాడు.

"ఇన్ని రోజుల్లోనే ఇంత పెరగదమ్మాయ్. ఇప్పుడు చూస్తే ఒకటి, కాసేపాగి చూస్తే ఇంకోటి చూపిస్తోంది. ఇంకో జోడు నేనివ్వను. ఆ మొదటిది కూడా తొందరపడి ఇచ్చానేమో. నందిగామలో మైథిలిగారని కళ్ళ డాక్టరున్నారు, చుక్కలేసి చూస్తారు, వెళ్ళండి."

మైథిలిగారు చార్టు చూపించి చదవమన్నారు. సింధూర గుక్కతిప్పుకోకుండా అడుగు వరస అప్పజెప్పింది. డాక్టరుగారు ఒక క్షణం ఆగి, తెర మీద అక్షరాలు మార్చేశారు. అంతే, పిల్ల మెడ ముందుకు చాపి కళ్ళు చికిలించింది.

"కంఠతా పట్టావా?"

సింధూర తలొంచుకుంది.

"నువ్వు చదివింది కాదమ్మా, నీకు కనపడింది చెప్పాలి. కనపడకపోతే కనపడలేదను. నాకు అదీ జవాబే. నువ్వు అబద్ధం చెబితే నేను తప్పు మందేస్తాను."

కళ్ళలో చుక్కలేసి బయట కూర్చోబెట్టారు. కాసేపటికి వెలుతురు గుచ్చుకుంది. చేతిలో ఫోను అక్షరాలు అలుక్కుపోయాయి. ఉన్న చూపూ పోయిందని తోడొచ్చిన రత్తమ్మ కంగారుపడింది. మళ్ళీ లోపలికి పిలిచారు. జోడు లేదు. తెర మీద కొత్త అక్షరాలు. సింధూర పై వరస చదివింది, కిందిది చదివింది, అడుగుది కూడా చదివింది.

"నీకు మైనస్సే లేదు," అన్నారు మైథిలిగారు. "కంట్లో ఒక చిన్న కండ ఉంటుంది. దగ్గరివి చూసేటప్పుడు అది బిగుస్తుంది, దాంతో లోపలి కటకం ఉబ్బుతుంది. దూరం చూసేటప్పుడు వదులవ్వాలి. గంటలకొద్దీ పెన్ను పట్టుకుంటే వేళ్ళు కొంకర్లుపోవూ? నీ కండ అట్లా బిగుసుకుపోయింది. అందుకే దూరం మసక. చుక్కలతో వదిలింది గనక ఇప్పుడు అసలు చూపు బయటపడింది. అక్కర్లేని మైనస్ పెట్టుకుని ఫోను చూసేసరికి ఇంకా బిగించావు."

"అయితే తగ్గిపోయినట్టేనా అండీ?" అంది రత్తమ్మ.

"చుక్కల పని అయిపోగానే మళ్ళీ బిగుసుకోవచ్చు. కొన్నాళ్ళు రాత్రి పడుకునేముందు చుక్కలేయాలి, మెడికల్‌కు ముందే ఆపేస్తాం. ఆ జోడు తీసేయాలి. తప్పక చదవాల్సొస్తే వాడుకోవడానికి ప్లస్ అద్దాలిస్తా. ఫోను వద్దు."

"మరి దీనికి నేనేం ప్రిపేరవ్వాలి మేడమ్?" అని అడిగింది సింధూర.

"ఏమీ అవ్వకు తల్లీ! అదే మందు."

అది దాని వల్ల అయ్యే పనేనా! మొదటి రోజు పిచ్చెక్కినట్టు ఇల్లంతా తిరిగింది. రెండో రోజు ఫోను కోసం పోపులడబ్బాలో కూడా వెతికింది. రత్తమ్మ ఓపిక నశించింది.

"మొక్కజొన్న కండెల మీద చిలకలు వాలుతున్నాయి. పోయి మంచె ఎక్కి కూర్చో. దూరం చూడమన్నారుగా, చూడు!"

రైల్వే పరీక్ష పాసైన పిల్ల చేలో చిలకలు తోలుతోందని దారినపోయే వాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వారు. సింధూర పొద్దున, సాయంత్రం మంచె మీద కూర్చుంది. మొదట్లో చేనవతల అంతా పచ్చటి మసకే. "ఇంకెప్పటికీ రాదేమో" అని ఒకరోజు మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది కూడా. పోనుపోను ఫ్యాక్టరీ గొట్టం అంచు తేలింది. తరవాత కరెంటు తీగల మీద పిట్టలు విడివిడిగా కనపడ్డాయి. ఒక సాయంత్రం గూడ్సుబండి వస్తే, ఇంజను కిటికీలో మనిషి చొక్కా కాలరు కూడా కనపడింది. "అమ్మోయ్!" అని అది అరిచిన అరుపుకు చిలకలన్నీ ఒక్కసారే లేచిపోయాయి. మైథిలిగారు చుక్కలు ఆపించి, కొన్ని రోజులాగి మళ్ళీ చూసి, సరేనన్నారు.

మెడికల్‌కు చిన్నబాబు తోడొచ్చాడు. రైల్వే ఆసుపత్రిలో గోడ మీద చార్టు చూడగానే సింధూర గుర్తుపట్టింది. ఫోన్లో కంఠతా పట్టిన చార్టే అది. అయినా ఒక్కో అక్షరమూ చూసుకుంటూ నిదానంగా చదివింది. కుడి కన్ను అయింది, ఎడమ కన్ను అయింది. హమ్మయ్య అనుకునేలోపు డాక్టరమ్మ ఒక ఫ్రేము తగిలించి అందులో ఏదో అద్దం వేసింది.

"ఇప్పుడు చదువు."

చార్టు మొత్తం కరిగిపోయింది. నందిగామ బస్టాండులో చూసిన తెల్లటి మచ్చే! మళ్ళీ బిగుసుకుందా? ఇంతా చేసి, ఇక్కడా? అడుగు వరస నాలిక చివరే ఉంది. నోరు తెరిస్తే గడగడా వచ్చేస్తుంది. ఎవరికి తెలుస్తుంది! బయట నాన్న కూర్చునున్నాడు. పెదవులు కదిలాయి కూడా.

"కనపట్లేదండీ," అంది.

"అస్సలా?"

"పైన పెద్దది లీలగా... కింద ఏమీ కనపట్లేదండీ."

డాక్టరమ్మ అద్దం తీసేసి రాసుకుంది. సింధూర కళ్ళలో నీళ్ళు చూసి నవ్వింది. "ఎందుకే పిచ్చిదానా! ఇది ప్లస్ అద్దం. మంచి కంటికి ఇందులోంచి దూరం మసగ్గానే ఉండాలి. గడగడా చదివావంటే కంట్లో ప్లస్ పవరు దాగుందని అర్థం, అప్పుడు అన్‌ఫిట్ రాసేదాన్ని. మిగతా పరీక్షలకు పో."

అన్నీ అయి, ఫిట్ అని తెలిశాక చిన్నబాబు కూతురి చెయ్యి పట్టుకున్నాడు. బస్టాండుకెళ్ళేదాకా వదల్లేదు. ఈ మధ్య బోర్డులు చదివిపెట్టే పని ఆయన మీద పడింది కదా, అలవాటుగా దూరంగా వస్తున్న బస్సు వంక చికిలించి చూసి "మనదేనే, పద" అని సంచి ఎత్తాడు.

సింధూర ఒక చూపు చూసింది.

"సంచి దింపు నాన్నా. అది తిరువూరు బండి."