పురుగులు మేపే పెళ్లికొడుకు

హోసూరు దగ్గర ఒక ఫ్యాక్టరీ క్వార్టర్సు మురుగునీటి ప్లాంటులో నేను కెమిస్టుగా చేరింది తొంభైల చివర్లో. నా పని ఏమిటో ఇంట్లో ఎవరికీ అంతుబట్టేది కాదు. ఎంత చెప్పినా మళ్లీ మొదటికే వచ్చేవాళ్లు. ఒకరోజు విసుగెత్తి మా అత్తతో "పురుగులు మేపుతా ఉండా, అత్తా" అన్నాను.

అబద్ధమేమీ కాదు. తొట్టిలో మురుగును తినేది కంటికి కనిపించని సూక్ష్మజీవులే. వాటికి ఊపిరాడేలా అడుగునుంచి గాలి ఊదుతాం. తిని, గుంపులు కట్టి, పక్క తొట్టిలో అడుగుకు దిగాక, పైన తేరిన నీళ్లు వదిలేసి వాటిని మళ్లీ మొదటి తొట్టిలోకే తోలుతాం. ప్లాంటులో అందరమూ వాటిని పురుగులనే అనేవాళ్లం.

అత్త ఆ ఒక్క మాట పట్టుకుని అత్తిముగం అనే ఊరికి వెళ్లింది. తనకు తెలిసిన ఇంట్లో, పట్టుపురుగులు మేపే రైతుతో, "మావోడూ అదే పని, కంపెనీలో" అని చెప్పి నాకు సంబంధం మాట్లాడేసి వచ్చింది. ఆ రైతు కూతురిని నేను అంతకుముందే సూళగిరిలో ఒక పెళ్లిలో చూసి ఉన్నాను. అప్పటినుంచి నా బుద్ధి నా దగ్గర లేదు. అందుకే అత్త మాటను సరిదిద్దడానికి నోరు రాలేదు.

వారం తిరక్కముందే ఆ పెద్దాయన పురుగుల షెడ్డు చూస్తానని ప్లాంటుకే వచ్చాడు. మామా అనాలో సార్ అనాలో తేల్చుకోలేక "రాండి, రాండి" అని ఊరుకున్నాను.

ఆయన తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, బుడబుడమంటున్న గోధుమరంగు తొట్టిని చాలాసేపు చూశాడు.

"పురుగులు యాడప్పా?"

"ఇందులోనే ఉండాయి."

"ఆకు యాడేస్తావు?"

"ఆకు కాదు. క్వార్టర్సులో నుంచి వచ్చే నీళ్లే మేత."

ఏ నీళ్లో అడగలేదు, వాసనే చెప్పింది. ఎలాగైనా పరువు దక్కించుకోవాలని లాబుకు తీసుకెళ్లి, ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టాను. కాడల మీద చిన్న గంటల్లాంటి జీవులు సాగుతూ, ఉన్నట్టుండి ముడుచుకుంటూ ఉన్నాయి.

"కదుల్తా ఉండాయే," అన్నాడు, మొదటిసారి ఆసక్తిగా. "ఇవి గూడు కడతాయా?"

"కట్టవు. విడిగా ఈదులాడే బాక్టీరియాను తింటాయి. ఇవుంటే నీళ్లు బాగా తేరతాయి."

"అంటే పురుగును పురుగే తింటుందా? అట్లాటి వాటిని ఎవరన్నా సాకుతారా?"

మాట మార్చి, నీళ్లలో మురుగు ఎంతుందో తేల్చే బీఓడీ పరీక్ష అందుకున్నాను. తొట్టిలోకి వచ్చే నీళ్లొక సీసా, శుద్ధయి బయటికి పోయే నీళ్లొక సీసా, రెండింటికీ గాలి పట్టించిన మంచినీళ్లు కలిపి, గాలి బుడగ లేకుండా మూతపెట్టి, ఇరవై ఏడు డిగ్రీల పెట్టెలో చీకట్లో మూడు రోజులు ఉంచుతాం. మురుగు ఎంత మిగిలి ఉంటే, దాన్ని తినే పురుగులు సీసాలోని ఆక్సిజన్‌ను అంత వాడేస్తాయి. మొదటిరోజు ఎంతుందో, మూడోరోజుకు ఎంత తగ్గిందో చూస్తే సంగతి తెలుస్తుంది. ఆయన పక్కనే నిలబడటంతో కంగారుపడి, వచ్చే నీళ్ల సీసాలో మురుగు ఎక్కువే పోశాను.

"మూడు దినాలకు వస్తా," అని ఆయన వెళ్లిపోయాడు. ఇక రాడనుకున్నాను. వచ్చాడు.

ఆయన ముందే సీసాలు తీసి, ఆక్సిజన్ ఉందో లేదో రంగుతో చూపే మందులు వేశాను. వచ్చే నీళ్ల సీసాలో పాలవిరుగుడులా తెల్లగా పేరుకుంది. బయటికి పోయే నీళ్ల సీసాలో గోధుమరంగు తిరిగింది.

"తెల్లది బాగుండాదప్పా. రెండోది చెడిపోయినట్టుంది," అన్నాడు, పట్టుగూళ్లు ఏరే చూపుతో.

"తెలుపొస్తే ఆక్సిజన్ చుక్క కూడా మిగల్లేదని. నేను మురుగు ఎక్కువ పోసినాను, ఆ లెక్క పనికిరాదు. రెండోదే మంచిది. తినేదానికి ఏమీ మిగల్లేదు గాబట్టే ఆక్సిజన్ మిగిలింది."

ఆయన బల్ల మీద కూలబడి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"నాకు ఈ కత ఏమీ అర్థం కాలేదు. మొన్న ఈ వాసన చూసినప్పుడే ఈ సంబంధం ఒద్దనుకొన్నా. నిజం చెప్తా ఉండా, ఏమీ అనుకోవద్దు."

నాకు నిజంగా ఏడుపొచ్చింది.

"మీ అత్త వచ్చి అడిగినప్పటి నుంచీ మా పాప గూడా ఒద్దనే అంటా ఉండె," అన్నాడు ఆయన. "మొన్న ఇంటికి పోయి, ఆయప్పవి పట్టుపురుగులు కాదంట, కక్కసు నీళ్లల్లో ఉండే పురుగులంట అని చెప్పినా. వాటికి ఆకు కొయ్యాల్నా అనింది. ఒద్దు అన్నా. రాత్రి లేచి మేత వెయ్యాల్నా అనింది. మిషనే చూసుకొంటుంది అన్నా. ఇంట్లో పెట్టుకోవాల్నా అనింది. యాడో గుంతలో ఉంటాయి లేమ్మా అన్నా."

"ఏమనింది?"

"పుట్టినప్పటినుంచీ పురుగులకు ఇల్లంతా ఇచ్చి మనం వసారాలో పండుకొంటా ఉండాము నాయనా, ఆయప్పకు సరే అని చెప్పిరా, అనింది."