బొట్టు కింద నోటీసు

మా ఇంట్లో ఏ కొత్త కాగితం వచ్చినా ముందు అమ్మ చేతికి వెళ్తుంది. పట్టా పాసుపుస్తకమైనా, బండి ఆర్సీ అయినా పసుపు, కుంకుమ పడాల్సిందే. మూడేళ్ల కిందట నాకు చేవెళ్లలో విత్తనాల ప్యాకింగ్ కంపెనీ లెక్కల విభాగంలో ఉద్యోగం వచ్చినప్పుడు ఆ ఆఫర్ లెటర్‌కూ అదే మర్యాద జరిగింది. అందరూ బొట్టు మూలలకు పెడతారు. అమ్మ మాత్రం దేవుడికి బాగా కనబడాలని ప్రతి పేజీ నడుమ పెట్టింది, తడి వేలితో, రూపాయి బిళ్లంత.

ఆ ఉద్యోగం ఇప్పించింది మా చిన్నాయన. ఒకప్పుడు మా ఊరు సురంగల్‌లో వార్డు మెంబరు, ఇప్పుడు ఏ పార్టీ వాళ్లు వచ్చినా ఛాయ్ తాగకుండా పోనివ్వని మనిషి. కంపెనీ యజమాని ఆయనకు ఎన్నికల నాటి స్నేహితుడు. బొట్లు పెట్టాక లెటర్‌ను ఆయనే తన ఫోన్‌తో ఫోటో తీసి ఇంటి గ్రూపులో పెట్టాడు. నా సంతకం చేయించి, ఆ కాగితాన్ని తనే బండి మీద తీసుకెళ్లి ఆఫీసులో ఇచ్చి వచ్చాడు. కంపెనీ వాళ్లు రెండో ప్రతి ఇవ్వలేదు. నేనూ అడగలేదు. అప్పుడు నాకు ఉద్యోగం వచ్చిందన్నదే కావాలి, ఏ షరతులతో అన్నది ఎవరికి పట్టింది?

ఈ ఏడాది కోకాపేట వైపు ఒక ఆఫీసులో ఇంటర్వ్యూ ఇచ్చాను. ఇంట్లో చెప్పలేదు. వాళ్లు రెండు పేజీల లెటర్ చేతికిచ్చారు. ఒప్పుకుంటున్నట్టు వారంలో చెప్పాలి, చెప్పిన నెలలోపు చేరాలి, పాత కంపెనీ నుంచి రిలీవింగ్ లెటర్ తేవాలి, సంతకం చేసిన కాగితం చేరే రోజు ఇవ్వాలి. మొయినాబాద్ బస్సులో కూర్చుని దాన్ని ఒళ్లో పరుచుకుని ఫోటోలు తీసుకున్నాను. బస్సు కుదుపులకు మొదటి రెండు చెదిరిపోయాయి. తర్వాతవి బాగా వచ్చాయి. కాగితం బ్యాగు అడుగున, టిఫిన్ గిన్నె కింద దాచాను.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకుండా వారంలో ఏం చెప్తాను? ఆదివారం మధ్యాహ్నం అందరూ పూలతోటకు పోయాక ఫోన్‌లోనే షీట్ తెరిచాను. ఎడమ వైపు వరుసలు రాశాను: బేసిక్, ఇంటద్దె అలవెన్సు, స్పెషల్ అలవెన్సు, కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, ఏడాదికోసారి ఇచ్చే బోనసు, చేతికొచ్చేది, ప్రొబేషన్, నోటీసు. ఒక నిలువు గడి పాతదానికి, ఒకటి కొత్తదానికి. చివర్లో మరొకటి, ఆ అంకె ఏ ఫోటోలో ఎక్కడ ఉందో రాయడానికి. లెక్కల పనిలో ఉన్నదాన్ని, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని అంకె అంటే నాకు ఒళ్లు మంట.

కొత్త లెటర్‌లో అంతా ఏడాదికి రాశారు, పాతదాంట్లో నెలకు. అన్నీ నెలకు మార్చాను. నెలకు నలభై వేలని సంబరపడ్డదాంట్లోంచి కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, వస్తుందో రాదో తెలియని బోనసు తీసేసి, నా వాటా పీఎఫ్, వృత్తి పన్ను కూడా పోతే చేతికి ముప్పై మూడు వేలు మిగిలింది. అయినా ఇప్పటి ఇరవై ఒక్క వేల కంటే ఎంతో నయం. మనసు అప్పుడే కోకాపేట బస్సెక్కి కూర్చుంది.

పాత లెటర్ కోసం ఇంటి గ్రూపులో పెళ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, గుడ్ మార్నింగ్ పూలు అన్నీ దాటుకుంటూ వెనక్కి పోయాను. మూడు ఫోటోలూ దొరికాయి. ఫోటోలోంచి అక్షరాలు తీసి షీట్‌లో నింపే యాప్ ఒకటి ఉంటే దానికిచ్చాను. జీతం పట్టికలో బేసిక్‌ను ఇంటద్దె వరుసలో వేసింది. మొత్తం కూడి చూస్తే లెటర్‌లో ఉన్న మొత్తంతో సరిపోలేదు, అక్కడే దొరికిపోయింది. దిద్దాను. నోటీసు గడిలో ముప్పై రోజులని శుభ్రంగా నింపి పెట్టింది. నా ప్రాణం లేచి వచ్చింది. ముప్పై అంటే సరిగ్గా నెల.

కానీ ఎక్కడి నుంచి వచ్చిందని రాసే గడి ఖాళీగా ఉంది కదా. ఫోటో తెరిచి పెద్దది చేశాను. ‘ఉద్యోగం ఖాయమైన తర్వాత నోటీసు’ అన్న మాటలున్నాయి, చివర ‘రోజులు’ ఉంది, నడుమ అమ్మ పెట్టిన బొట్టు ఉంది. ఎంత పెద్దది చేసినా ఎరుపే. అంచున ఒక సున్నా మాత్రం తొంగి చూస్తోంది. ముప్పై కావచ్చు, అరవై కావచ్చు, తొంభై కావచ్చు. యాప్‌కు బొట్టు కింద ఏముందో నాకంటే ఎక్కువేం తెలియదు, ఉజ్జాయింపుగా పెట్టేసింది. గడి చెరిపేశాను.

ఎవరినడగాలి? ఆఫీసులో మేనేజరును నా లెటర్ నకలు అడిగితే ఎందుకంటాడు. లోన్ కోసమని చెప్తే ఏ బ్యాంకు అంటాడు. ఎలాగూ సాయంత్రం లోపు చిన్నాయన ఫోన్ మోగుతుంది. చిన్నాయననడిగితే ఇంకేముంది. నా షరతులు నాకు తెలియాలంటే నేను వెళ్లిపోతున్నానని ముందు ఊరందరికీ చెప్పాలి. చెప్పాక తొంభై అని తేలితే కొత్తది పోతుంది, పాతదాంట్లో మొహం చూపించలేను. చెప్పకుండా మానేస్తే రిలీవింగ్ లెటర్ రాదు. సోమ, మంగళవారాలు ఆఫీసులో ఆ ఫైళ్ల అల్మారా ముందే కూర్చుని పని చేశాను. తాళం మేనేజరు జేబులో ఉంది. నా కాగితం నాకు నాలుగడుగుల దూరంలో ఉంది, అయినా అందదు. నామీద నాకే జాలేసింది, ఆ జాలి చూసి కోపమొచ్చింది.

బుధవారం మిగిలిన గడి నింపుదామని ప్రొబేషన్ పేరా చదివాను. ఆరు నెలలు అని రాసేసి వదిలేయబోయాను. ఆ వాక్యం కిందికి కూడా సాగింది. రాతపూర్వకంగా ఖాయం చేసేవరకు ఉద్యోగి ప్రొబేషన్‌లోనే ఉన్నట్టు లెక్క, ఆ కాలంలో ఇరువైపులా నోటీసు పదిహేను రోజులు. మూడో ఫోటోలో పట్టిక కింద చిన్న అక్షరాల్లో మరో మాట, ఖాయమైన నాటి నుంచి స్పెషల్ అలవెన్సు నెలకు రెండు వేలు పెరుగుతుందని.

నాకెప్పుడూ ఏ రాత కాగితమూ రాలేదు. ఆ రెండు వేలూ రాలేదు.

మూడేళ్లుగా అమ్మ పూల మార్కెట్లో, పెళ్లిళ్లలో, బస్సులో పక్క సీటు వాళ్లకు కూడా మా బిడ్డది పర్మనెంట్ నౌకరి అని చెప్తోంది. షీట్‌లో ‘ఖాయం చేసిన పత్రం’ అని కొత్త వరుస కలిపి, పాత కంపెనీ గడిలో ‘లేదు’ అని రాశాను. పదిహేను రోజుల్లో బయటపడే తలుపు తెరుచుకున్నదే కానీ, అవమానంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ నేను గడప మీదే నిలబడి ఇంట్లో ఉన్నాననుకున్నాను.

గురువారం కొత్త ఆఫీసుకు ఒప్పుకుంటున్నట్టు చెప్పి, ఇక్కడ రాజీనామా ఇచ్చాను, పదిహేను రోజుల నోటీసుతో. మేనేజరు చదివి నవ్వాడు. అల్మారా తెరిచి నా ఫైలు తీసి, నా కళ్ల ముందు పెట్టాడు. అసలు కాగితం మీద కుంకుమ ఎండి రాలిపోయి లేత మరక మిగిలింది. దాని కింద తొంభై. నేను ప్రొబేషన్ వాక్యం చూపించాను. మూడేండ్లు చేసినోళ్లు ప్రొబేషన్‌ల ఎట్లుంటరని అన్నాడు. అయితే ఖాయం చేసిన పత్రం చూపించమన్నాను. ఫైలంతా తిప్పాడు. లేదు.

“ఇప్పుడే టైపు చేస్త. తారీఖు అప్పటిదే ఏస్త, ఐపాయె” అన్నాడు.

“ఎయ్యుండ్రి సార్. ఆ తారీఖు సంది నెలకు రెండు వేలు గూడ ఇయ్యుండ్రి” అన్నాను.

ఆయన టైపు చేయలేదు. ఫోన్ తీసి చిన్నాయనకు కలిపాడు.

సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి చిన్నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ తలుపు వెనక నిలబడింది. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది.

“నిన్ను నా బిడ్డ అని చెప్పి పెట్టిచ్చిన. నా ఇజ్జత్ ఏంగావాలె?”

షీట్ తెరిచాను. ఫోన్ ఆయన చేతిలో పెట్టాను. జీతాల గడులు ఆయన చూడలేదు. కింది వరుస దగ్గర వేలు ఆగింది. గీదేందని అడిగాడు. చెప్పాను, వాక్యం వాక్యం తెలుగులో చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నాడు. చదివాను. ఆయన తన ఫోన్ తీసి, తను తీసిన ఫోటోనే వెతికి, చాలాసేపు దాని వైపే చూశాడు.

“పర్మనెంట్ అని నేను గూడ అందరికి చెప్పుకుంటొచ్చిన గదనే” అన్నాడు చివరికి. నా వైపు కాదు, తలుపు వైపు చూసి. అమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఆయన చెప్పులేసుకుని, బండి తీసుకుని ఎటో పోయాడు.

శుక్రవారం మేనేజరు నన్ను పిలవకుండానే రాజీనామా కాగితం మీద పదిహేను రోజులకు ఒప్పుకున్నట్టు రాసి నా బల్ల మీద పెట్టాడు. చిన్నాయన ఏం మాట్లాడాడో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ కంపెనీ యజమాని మాత్రం ఆ తర్వాత మా ఇంటి వైపు రాలేదు.

చేరడానికి ముందు రోజు కొత్త లెటర్ బ్యాగులోంచి తీశాను. దాచడానికింక ఏమీ లేదు. అమ్మ చేతులు కడుక్కుని కుంకుమ భరిణె తెచ్చింది. ఇన్ని రోజులూ నాతో సరిగా మాట్లాడని మనిషి, ఆ కాగితాన్ని మాత్రం రెండు చేతులతో అందుకుంది. వేలు తడి చేసుకుని పేజీ నడుమకు తెస్తుండగా చిన్నాయన చేయి అడ్డం పెట్టాడు.

“జర ఆగు వదినె. ముందు ఫోటో.”

నా దగ్గర ఫోటోలున్నాయని చెప్పలేదు. ఆయన కాగితాన్ని అరుగు మీద పరిచి, తన నీడ పడకుండా పక్కకు జరిగి, ఒక్కో పేజీ తీశాడు. రెండో పేజీలో నోటీసు ఉన్న చోటు పెద్దది చేసి నాకు చూపించి, గీడ ఎన్నున్నయి అని అడిగాడు.

నాకు ముందే తెలుసు, షీట్‌లో నేనే రాసుకున్నాను. “తొంభై” అన్నాను.

ఆయన కాగితం అమ్మకు అందించాడు. అమ్మ బొట్టు పెట్టింది, ఈసారి మూలకు. నేను కుంకుమ ఆరేదాకా ఆగి సంతకం పెట్టాను.