214లో చల్లగానే ఉన్న ఏసీ

మా హోటల్లో ఏసీలు చూసే ఆయన్ని అందరం బాబాయ్ అనే పిలుస్తాం. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఈ మధ్య ఆయన "లోపం లేదు" అని రాసిచ్చిన రెండు గదుల్లోంచి మళ్ళీ ఫిర్యాదులొచ్చాయి. మూడోసారి జరిగితే ఇంటికేనని మేనేజరు కాగితం చేతిలో పెట్టాడు. అప్పట్నుంచి బాబాయ్ చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేస్తున్నాడు.

ఆ మధ్యాహ్నం నేను రిసెప్షన్‌లో డ్యూటీ ఎక్కాను. పొద్దుటి షిఫ్టు మహాతల్లి పుస్తకంలో ఒక గెస్టు పేరు, "ఏసీ చల్లబడట్లేదు, చంటిబిడ్డ ఉంది" అని గీకి పోయింది. గది నంబరు లేదు. పేరు కొట్టి కంప్యూటర్లో చూస్తే 214 అంది. చకచకా వర్క్ ఆర్డర్ పంపేశాను. ప్రాధాన్యం: ఒకటి, వెంటనే. గెస్టుకి ఇబ్బంది: ఉక్కకి బిడ్డ నిద్రపోవట్లేదు.

కాసేపటికి బాబాయ్ ఫోను.

"గదిలో ఎవరూ లేరమ్మా. ఏసీ బాగానే ఉంది. పద్నాలుగు డిగ్రీల గాలి వస్తోంది."

నా ముందు ఆరుగురు నిలబడున్నారు. నాకసలే ముక్కు మీద కోపం. "బాగుంటే పనిలేక ఫిర్యాదు చేశారా బాబాయ్? సరిగ్గా చూడండి!"

పావుగంటకి మళ్ళీ ఫోను. "ఫిల్టర్ కడిగాను. గ్యాస్ ప్రెజర్ సరిగ్గానే ఉంది. నాకేం అంతుపట్టట్లేదమ్మా."

నాకు మాత్రం పట్టిందా? అయినా, "విప్పి చూడండి" అన్నాను, పెద్ద తెలిసినదానిలా.

భోజనానికి బయటికెళ్ళిన 214 గెస్టు చంటిబిడ్డనెత్తుకుని కౌంటరు దగ్గరికొచ్చింది. "పొద్దున 307లో పాలసీసా మర్చిపోయామండీ. మీరు మార్చి ఇచ్చిన గది హాయిగా, చల్లగా ఉంది."

అప్పుడర్థమైంది నాకు. పేరుతో వెతికితే కంప్యూటర్ ఇప్పుడున్న గదే చూపిస్తుంది, పాత గది కాదు. గది మార్చిన సంగతి పొద్దుటి షిఫ్టు పిల్ల రాయలేదు, నేను అడగలేదు. ఏసీ చెడిపోయిన 307ని ఖాళీగా ఉంది కదా అని అప్పుడే ఒక పెద్దాయనకి ఇచ్చేశాను కూడా! ఆయనకి ఫోన్ చేసి, క్షమాపణ చెప్పి, వేరే గది ఇచ్చి, 214కి పరిగెత్తాను.

ఏసీ మూత, ఫ్యాను, బోర్డు దుప్పటి మీద పరిచి ఉన్నాయి. బాబాయ్ నేల మీద కూర్చుని ఆర్డర్ కాగితం అడుగున సంతకం చేస్తున్నాడు. తొంగి చూశాను. "లోపం కనిపెట్టలేకపోయాను. వేరే మనిషిని పెట్టుకోండి."

జరిగిందంతా గడగడా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన సంతకం మధ్యలో ఆపి తలెత్తాడు.

"అంటే గది నిజంగానే చల్లగా ఉందా అమ్మా? నువ్వంత గట్టిగా చెప్తుంటే, నాకే అలా అనిపిస్తోందేమో అనుకున్నాను."