గవరమ్మ పలకరింపు

లంబాలైన్ పేటలో ఉండే గవరమ్మకు వరుసలో నిలబడటం కష్టం కాదు, నోరు మూసుకుని నిలబడటమే కష్టం. అండమాన్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. ఎదుటివాళ్ళది ఏ దీవో, ఎవరి పిల్లలో తేలేదాకా ఆమెకు ఊపిరాడదు.

ఆ రోజు వేరే దీవిలోని హట్‌బేకు వెళ్ళే ఓడ టిక్కెట్టు కోసం కౌంటర్ దగ్గరికి వచ్చింది. అక్కడ కూతురు బేబీరాణికి నెలలు నిండాయి. మర్నాటి ఓడ తప్పితే మళ్ళీ మూడు రోజులకు గానీ లేదు.

పలకరింపుకు గవరమ్మ అందరికీ చెప్పే పద్ధతి ఒకటుంది. మొదట ఈ లైన్ దేనికని అడగాలి, తర్వాత ఊరు అడగాలి. అవతలివాళ్ళు "మరి మీదో?" అని తిరిగి అడిగితే ఇక మాట్లాడుకోవచ్చు. రెండింటికీ ముక్తసరి జవాబే వచ్చిందా, వదిలేయాలి. చెప్పడం మటుకు బాగానే చెబుతుంది.

"భయ్యా, హట్‌బే లైన్ ఇదేనా?" అంది ముందున్న నడివయసు మనిషితో.

"ఆఁ."

"తెలుగోరేనా? ఏ ఊరు బాబూ?"

"హట్‌బే."

తిరుగు ప్రశ్న రాలేదు. పైగా ఆయన భుజం అటు తిప్పుకున్నాడు. అక్కడితో ఆపాలి. కానీ హట్‌బే అన్నాక గవరమ్మ ఆగుతుందా?

"మా బేబీరాణి అక్కడే! మీ ఇల్లు జెట్టీ కాడా? ఇక్కడికి ఏటి పని మీద వచ్చినారు? పిల్లలెంతమంది?"

ఆయన నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. గవరమ్మకు అప్పుడు సిగ్గేసింది.

ఇంతలో టిక్కెట్టుకు గుర్తింపు కార్డు జిరాక్స్ కావాలని తెలిసింది. వరుస వదిలి వెళ్ళేటప్పుడు ముందువాళ్ళకూ వెనకవాళ్ళకూ చెప్పి వెళ్ళాలి. వెనకమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ముందాయన్ను ఇంత విసిగించాక సాయం అడగడానికి మొహం చెల్లలేదు. సంచీ నేల మీద పెట్టి పరుగెత్తింది.

తిరిగొచ్చేసరికి సంచీ పక్కకు జరిపేశారు. "పీఛే జాయియే, దీదీ!" అని, వెనక్కి పొమ్మని నలుగురూ అరిచారు. గవరమ్మకు కళ్ళనీళ్ళ పర్యంతమైంది.

"ఈవిడ నా వెనకాలే ఉన్నారు, రానీండి," అన్నాడు ముందాయన. అని మళ్ళీ అటు తిరిగాడు.

గవరమ్మ నోటిదాకా వంద మాటలొచ్చాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వాటిని మింగింది.

కౌంటర్ దగ్గర ఆయన గొంతు సన్నగా వినిపించింది. "రేపటి ఓడకే ఇవ్వండి. మా అమ్మ పోయింది."

టిక్కెట్టు తీసుకుని ఆయన వెళ్ళిపోయాడు. గవరమ్మకు చెంపలేసుకోవాలనిపించింది.

"మీ అదృష్టం, దీదీ," అన్నాడు గుమస్తా. "ఇప్పుడెళ్ళినాయన పక్కనే కిటికీ సీటుంది."

కిటికీ లేకపోతే ఓడెక్కిన అరగంటకే గవరమ్మకు వాంతులు.

"వద్దు బాబూ, ఎనకాల ఇంజిన్ కాడ ఏదైనా ఇయ్యి," అంది. "ఆ బాబు పక్కన నన్ను కూకోబెట్టకు. నా నోటి సంగతి నాకు తెలుసు."