డౌన్‌లోడ్ బటన్ లేని సాక్ష్యం

బేర్ సరాయ్‌లో జయశీల సిస్టర్‌ అంటే తెలియని తెలుగువాళ్ళు తక్కువ. బాపట్ల నుంచి నర్సు ఉద్యోగానికి వచ్చి ఢిల్లీలోనే స్థిరపడిపోయింది. మనిషి మంచిదే కానీ నోరు మహా గట్టిది. మా తెలుగు సంఘంలో పాస్టరు గారు కూడా ఆమె లేచి నిలబడితే ప్రసంగం కాస్త తగ్గించుకుంటారు. భర్త కృపారావు దీనికి పూర్తిగా వేరు. ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసి రిటైరైన మనిషి, నలుగురిలో ఉంటే వెనక వరుసలో కూర్చుంటాడు. పెళ్ళిళ్ళలో, పుట్టినరోజుల్లో ఫోను పట్టుకుని అందరికీ ఫొటోలు తీసేది ఆయనే. అందువల్ల ఆయన ఉన్న ఫొటోలు కొద్ది, ఆయన మాట్లాడిన వీడియోలు అసలే లేవు.

కోవిడ్ రోజుల్లో మొదలైన శనివారం ప్రార్థన మాకు ఇప్పటికీ జూమ్‌లోనే జరుగుతోంది. నొయిడా వాళ్ళు, గురుగ్రామ్ వాళ్ళు ఒకచోట చేరాలంటే పొద్దు పోతుంది మరి. హోస్టు లెవి. గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రవాడు, సంఘం పేరున ఉన్న ఖాతా అతని చేతిలో ఉంటుంది. మీటింగ్ మొదలవగానే రికార్డింగ్ దానంతట అదే క్లౌడ్‌లోకి వెళ్ళేలా పెట్టాడు. డ్యూటీలో ఉండి రాలేకపోయిన నర్సులు తర్వాత చూసుకుంటారని లింకు, పాస్‌కోడ్ గ్రూపులో పెడతాడు.

ప్రార్థనలో తమ బతుకులో జరిగింది, దేవుడు చేసింది నలుగురి ముందు చెప్పుకోవడాన్ని మేం సాక్ష్యం అంటాం. కృపారావు ఇన్నేళ్ళలో ఒక్కసారే సాక్ష్యం చెప్పాడు. ఈ ఏడాదే, ఒక శనివారం. తన జీవితంలో ఒక చెడ్డ కాలం గురించి చెప్పాడు, చెబుతూ ఏడ్చాడు. ఏం చెప్పాడో ఇక్కడ రాయను. కూతురు అనుగ్రహకు కూడా తెలియని సంగతి అని మాత్రం ఆయనే అన్నాడు. ఆ తర్వాతి వారమే ఆయనకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ మెల్లగా కూడదీసుకుంటున్నాయి. మాట మాత్రం పోయింది. అన్నీ అర్థమవుతాయి, మాటలు నోటికి రావు. కొంత తిరిగి రావచ్చునన్నారు డాక్టర్లు, పాత మాటే వస్తుందని ఎవరూ అనలేదు.

జయశీల ఒక సాయంత్రం ఆ లింకు తెరిచింది. వీడియో ఆడింది, భర్త గొంతు వినబడింది. దాచుకుందామని చూస్తే డౌన్‌లోడ్ గుర్తు ఎక్కడా లేదు. ఫోనులో వెతికింది, లాప్‌టాప్‌లో వెతికింది. పుణెలో ఉన్న అనుగ్రహకు ఫోన్ చేసింది.

“మమ్మీ, స్క్రీన్ రికార్డ్ కర్ లో నా. ఇట్స్ సో సింపుల్” అంది అనుగ్రహ, తెర మీద ఆడుతుండగానే రికార్డు చేసుకోమని. ఆ పిల్లకు తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబులు మాత్రం ఇలా కలగాపులగంగా వస్తాయి. “నాకు పంపు. డాడీ వాయిస్ నా దగ్గర ఒక్కటీ లేదు.”

“దొంగతనంగా తియ్యను” అని జయశీల ఫోను పెట్టేసింది.

ఆ మొండితనానికి కారణం ఉంది. నిరుడు ఒక చిన్న నర్సు, తన కాపురంలోని కష్టం గురించి సాక్ష్యం చెప్పింది. అప్పట్లో డౌన్‌లోడ్ తెరిచే ఉండేది. ఎవరో పుణ్యాత్ములు ఆ ముక్క దించితే, అది చేతులు మారి, గుంటూరులో ఆమె అత్తవారి ఫోన్ల దాకా చేరింది. ఆ పిల్ల మళ్ళీ ప్రార్థనకు రాలేదు. అప్పుడు లేచి నిలబడింది జయశీలే. డౌన్‌లోడ్ మూసేయాలని, ఎవరి మాటలైనా బయటికి ఇవ్వాలంటే మాట్లాడినవాళ్ళు ఒప్పుకోవాలని పట్టుబట్టి నియమం పెట్టించింది. ఇప్పుడా నియమం తిరిగి తిరిగి ఆమె వాకిట్లోనే కూర్చుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక లెవిని పట్టుకుంది. నేను పక్కనే కుర్చీలు సర్దుతున్నాను.

“బాబూ, అంకుల్ మాట్లాడింది నాకు కావాలి. లింకులో రావట్లేదు.”

“ఆంటీ, వ్యూయర్స్ డౌన్‌లోడ్ అని ఒక సెట్టింగ్, ఆఫ్‌లో ఉంది. ఏక్ మినిట్ కా కామ్. ఆన్ చేస్తే, మీరు అదే లింకు మళ్ళీ తెరవగానే బటన్ కనిపిస్తుంది.”

“నాకొక్కదానికేనా?”

లెవి తల గోక్కున్నాడు. “అలా కుదరదు ఆంటీ. లింకూ పాస్‌కోడూ ఉన్న ఎవరికైనా వస్తుంది. గ్రూపులో అందరికీ ఉన్నాయి కదా.”

“ఆ రోజు ఇంకో ఇద్దరు చెప్పారు సాక్ష్యం. ఒద్దు.”

“అచ్ఛా, అయితే హోస్టుగా నేను దించుకోగలను. అంకుల్ భాగం కట్ చేసి మీకొక్కరికే ఇస్తా. మన ఖాతాలో నెల దాటితే రికార్డింగ్ చెత్తబుట్టలోకి పోతుంది, లింకు పనిచెయ్యదు. తర్వాత ఇంకో నెల నేను వెనక్కి తేవచ్చు, అదీ దాటితే ఖతమ్. అందుకే ఇప్పుడే చేసేద్దాం.”

జయశీల వెంటనే సరేనంటుందనుకున్నాను.

“ఆయన్నడగాలిగా” అంది.

“ఆంటీ, అంకుల్ ఎలా చెప్తారు?”

“చెప్తాడు. నేనడుగుతా.”

లెవీ నేనూ ఆమె వెంట ఇంటికి వెళ్ళాం. కృపారావు కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. జయశీల మంచం మీద కూర్చుని, ఫోనులో ఆయన సాక్ష్యం కొంచెం వినిపించింది.

“ఏవండీ, ఇది అనుగ్రహకి పంపడానికి దాయమంటారా?”

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఈ జబ్బులో అవునూ కాదూ తారుమారవుతాయని నర్సుగా ఆమెకు తెలుసు. తిప్పి అడిగింది.

“చెరిగిపోనియ్యమంటారా?”

ఔనని ఊపాడు. బాగున్న చేత్తో ఫోనును మెల్లగా దూరం జరిపాడు. మళ్ళీ రెండు రకాలుగా అడిగినా అదే జవాబు.

ఎవరి గొంతు కోసం ఆమె ఇంత తిరిగిందో ఆయనే వద్దంటున్నాడు. నిజం చెప్పాలంటే నాకు ఆయన మీద కోపం వచ్చింది. జయశీల కళ్ళు తుడుచుకుని, “ఆయన మాట ఆయనిష్టం” అంది.

లింకు మూసేయబోతూ ఆమె వేలు తగిలి వీడియో మొదటికి వెళ్ళింది. పాటలకు ముందు, జనం ఒక్కొక్కరే చేరుతున్న సమయం. తెర మీద కృపారావు ముఖం మరీ దగ్గరగా, సగం నుదురు మాత్రమే కనిపిస్తోంది. “శీలా! ఇదిగో మైకు మీది ఎర్రగీత పోయింది. ఇప్పుడు నా మాట వినపడతందా? ఎక్కడున్నావే, శీలా?” అంటున్నాడు. ఆ గొంతులో విసుగు, కంగారు, ఇంట్లో మాట్లాడే మామూలు గొంతు.

కృపారావు నవ్వాడు. పక్షవాతం వచ్చాక ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు.

“మరి ఇదో?” అంది జయశీల.

ఔనని ఊపాడు. తిప్పి అడిగినా మారలేదు.

లెవి తన లాప్‌టాప్‌లో హోస్టు ఖాతా తెరిచి ఫైలు మొత్తం దించి, ఆ ముక్క వరకు కోసి జయశీలకు పంపాడు. మిగతాది తన దగ్గర కూడా ఉంచుకోకుండా ఆమె ఎదుటే తీసేశాడు. జయశీల దాన్ని అనుగ్రహకు పంపితే, అరగంటలో జవాబు వచ్చింది. ‘బస్ ఇత్నా?’ అని, ఇంతేనా అన్నట్టు ఒకటి, తర్వాత ఇంకేమీ రాయకుండా వరుసగా ఏడుపు బొమ్మలు.

క్లౌడ్‌లోని సాక్ష్యం నెల తిరిగేసరికి చెత్తబుట్టలోకి, ఆ తర్వాత శూన్యంలోకి పోయింది. లెవి వెనక్కి తేలేదు, ఎవరూ తెమ్మనలేదు.

మొన్న వాళ్ళింటికి వెళ్ళినప్పుడు జయశీల వంటింట్లో ఉంది. కృపారావు ఫోను ఒళ్ళో పెట్టుకుని, తనే ఒత్తి, ఆ ముక్క పెట్టాడు. “ఇప్పుడు నా మాట వినపడతందా? ఎక్కడున్నావే, శీలా?”

“ఇక్కడే ఉన్నానండీ, వస్తన్నా” అని ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆయనకు మంచినీళ్ళు కావాలట.